అరవై రోజుల గడువు కోరుతూ

నేను రాసే ఉత్తరాల మీద నాకు పొగరుండేది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక ప్రైవేటు ఆఫీసులో టైపిస్టుగా చేశాను. మేనేజరు రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతే మిగతా ఉత్తరమంతా నేనే అల్లేదాన్ని. మొండి బాకీలు వసూలు చేసే ఉత్తరాలు, బతిమాలే ఉత్తరాలు, మర్యాదగా చీవాట్లు పెట్టే ఉత్తరాలు, ఏదైనా సరే. "ఈ పిల్ల రాస్తే కాదనడం కష్టం" అనేవాడాయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఇరవై ఏళ్లు బతికాననుకోండి.

మాది నాచారంలో సేఫ్టీ సామాన్ల దుకాణం. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు వేసుకునే గ్లౌజులు, గంబూట్లు, హెల్మెట్లు, మాస్కులు, ఏప్రాన్లు. రోడ్డు మీద పోయేవాళ్లెవరూ లోపలికి వచ్చి కొనుక్కునే సరుకు కాదు. మేమే మల్లాపూర్, నాచారం ఫ్యాక్టరీల గేట్ల చుట్టూ తిరిగి ఆర్డర్లు తెచ్చుకోవాలి. సరుకు రాణిగంజ్‌లో ఒక హోల్‌సేల్ ఆయన దగ్గర ఎత్తుకొచ్చి వీళ్లకు వెయ్యాలి. పొద్దున చిల్కానగర్‌లో ఇల్లు తాళం పెట్టుకుని ఇద్దరం ఒకే బండి మీద వచ్చేవాళ్లం. మా ఆయన గేట్ల చుట్టూ తిరిగితే నేను గల్లా దగ్గర కూర్చుని బిల్లులు కొట్టేదాన్ని.

రాణిగంజ్ ఆయన మాకు తెలిసిన మనిషే. కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, మా ఆయనకంటే పెద్ద. "అన్న" అనే పిలిచేవాళ్లం. పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాం. ముప్పై రోజుల అప్పు మీద సరుకిస్తాడు. సరుకు ఎత్తేటప్పుడే ముప్పయ్యో రోజు తారీఖు వేసిన చెక్కు ఆయన చేతిలో పెట్టాలి. చాలాసార్లు ఆ చెక్కు బ్యాంకుకు పోయేది కాదు. చెప్పిన రోజుకు మేం డబ్బు పంపితే ఆయన చెక్కు వాపసు ఇచ్చేవాడు. అంత నమ్మకం మరి.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. సరుకిచ్చే ఆయనకు మన కొనేవాళ్లెవరో తెలియకూడదు, కొనేవాళ్లకు మనం ఎక్కడ తెస్తున్నామో తెలియకూడదు. మా ఆయన నోట ఫ్యాక్టరీ పేరు రాణిగంజ్‌లో ఏనాడూ రాలేదు. "మా పార్టీకి నలభై డజన్లు గావాలన్నా" అనేవాడు, అంతే. సరుకు దుకాణానికి రాగానే అట్టపెట్టెల మీద ఉన్న రాణిగంజ్ స్టిక్కర్లు తడిగుడ్డతో నానబెట్టి పీకాలి. ఆ పని నాది. గోళ్లలో జిగురు ఇరుక్కునేది. నాకు ఒళ్లు మండేది.

"ఏందయ్యా ఈ దొంగ బతుకు? పద్నాలుగేళ్ల సంది అన్నా అని పిలుస్తున్నవ్, ఆయనకు గూడ చెప్పవా?" అని అడిగేదాన్ని.

"అన్న అన్ననే, ధందా ధందానే" అనేవాడు మా ఆయన. అంతకు మించి వాదించేవాడు కాదు. వాదించడం ఆయనకు చేతకాదు. మంచివాడే కానీ, కష్టమొస్తే ముడుచుకుపోయే రకం. కడుపు నొప్పి అని కూడా రెండు రోజులు చెప్పడు.

ఆ ఏడు చలికాలం చివర మల్లాపూర్‌లోని మా పెద్ద ఫ్యాక్టరీకి గ్లౌజులూ గంబూట్లూ వేశాం. పెద్ద ఫ్యాక్టరీ అంటే మా అమ్మకాల్లో సగం వాళ్లదే. మిగతా సగం చిన్నా చితకా వర్క్‌షాపులు, పది జతలు, ఇరవై జతలు. ఈ ఒక్క ఫ్యాక్టరీ మీదే దుకాణం కిరాయి, మా తిండి నడిచేవి.

వాళ్ల ఆర్డరులో గ్లౌజులు నాలుగు వందల ఎనభై జతలని ఉంది. నేను బిల్లులో నలభై డజన్లని కొట్టాను. రాణిగంజ్‌లో అంతా డజన్ల లెక్కే, వాళ్ల బిల్లు చూసి నేనూ అలాగే కొట్టాను. రెండూ ఒకటే కదా, ఎవరికి తెలియదు? ఫ్యాక్టరీ కంప్యూటరుకు తెలియదు. ఆర్డరులో నాలుగు వందల ఎనభై, బిల్లులో నలభై. కుదరలేదని బిల్లును పక్కన పెట్టేసింది. అది ఆగిందని మాకెవరూ చెప్పలేదు. రెండు నెలలు "పాసవుతుంది, పాసవుతుంది" అన్నారు. చివరికి అకౌంట్స్‌లో ఒకాయన దయతలచి అసలు సంగతి చెప్పాడు. ఆ బిల్లు రద్దు చేస్తూ క్రెడిట్ నోటు ఇచ్చి, జతల్లో కొత్త బిల్లు ఇచ్చాం. కొత్త బిల్లు కాబట్టి మళ్లీ మొదటి నుంచీ వరసలో నిలబడాలన్నారు. వచ్చే నెల ఇరవై దాటాకే డబ్బు.

ఈలోగా రాణిగంజ్ గడువు ఎప్పుడో దాటింది. రెండు లక్షల ఎనభై వేలు. మొదటి చెక్కు తారీఖు వచ్చినప్పుడు మా ఆయన వెళ్లి, దాన్ని వాపసు తీసుకుని, నెల తర్వాతి తారీఖుతో ఇంకొకటి ఇచ్చి వచ్చాడు. ఇప్పుడు ఆ రెండో తారీఖు కూడా దగ్గరికొచ్చింది. వచ్చే సోమవారం. మా ఖాతాలో డెబ్బై వేలున్నాయి. ఆయన సోమవారం చెక్కు వేస్తే మంగళవారానికల్లా బౌన్సవుతుంది. చెక్కు బౌన్సయిందన్న మాట రాణిగంజ్‌లో పొక్కితే ఇంక అక్కడ మాకు అప్పు పుట్టదు. ఏ కొట్టుకెళ్లినా ముందు నోట్లు తీసి బల్ల మీద పెట్టమంటారు.

ఇంకోపక్క ఆ ఫ్యాక్టరీకే విదేశీ కంపెనీ వాళ్లు ఆడిట్‌కు వస్తున్నారట. పనివాళ్లందరికీ కొత్త గ్లౌజులు, కొత్త గంబూట్లు, కొత్త హెల్మెట్లు కావాలని మాకు ముందే చెప్పారు. మేము చూసిన ఆర్డర్లన్నిటికీ అదే పెద్దది. అది చేజిక్కితే ఏడాదంతా ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ సరుకు ఎక్కడి నుంచి తేవాలి? రాణిగంజ్ నుంచే. ఏ ముఖంతో?

మా ఆయన ఫోనెత్తడం మానేశాడు. రాణిగంజ్ నంబరు మోగితే ఫోన్‌ను బోర్లించి పెట్టేవాడు. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు.

"ఎత్తయ్యా! ఏమంటడు, మింగుతడా?" అన్నాను.

"నేనే పోత తియ్. మంగళవారం పోయి కూసోని మాట్లాడ్త. గిసొంటియి ఎదురుంగ కూసోని మాట్లాడాలె."

మంగళవారం వచ్చింది, పోయింది. ఉప్పల్ దాకా వెళ్లి మెట్రో ఎక్కకుండానే తిరిగొచ్చాడు. కాలు నొప్పి అన్నాడు. నేను పట్టరాని కోపంతో, "నీకు కాలు నొప్పి కాదు, మొఖం నొప్పి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన హెల్మెట్ల దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నం నేనే దుకాణం ఫోను తీసుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లయింది ఉత్తరం రాసి. మొదటి వాక్యం రాయగానే నా వేళ్లకు పాత ప్రాణం లేచొచ్చింది.

"అన్నగారికి నమస్కారం. మీకు ఇవ్వవలసిన రెండు లక్షల ఎనభై వేలు గడువు దాటినా ఇవ్వలేకపోయినందుకు, మీ ఫోన్లకు జవాబు చెప్పనందుకు ముందుగా క్షమాపణ కోరుతున్నాం. మీ సరుకులో ఏ లోపమూ లేదు. మేము సరుకు వేసిన ఫ్యాక్టరీ ఆర్డరు జతల్లో ఉంటే మేము డజన్లలో బిల్లు రాశాం. ఆ పొరపాటు మాది. దానివల్ల బిల్లు ఆగింది. ఇప్పుడు సరిచేసి కొత్త బిల్లు ఇచ్చాం. వచ్చే నెల ఇరవై తర్వాత డబ్బు వస్తుంది. మా దగ్గరున్న డెబ్బై వేలు సోమవారం పొద్దున్నే పంపుతాం. మిగిలినది వచ్చే నెల ఇరవై అయిదు లోపల చెల్లిస్తాం. అంతవరకు మా చెక్కు బ్యాంకులో వేయవద్దని మనవి.

"అదే ఫ్యాక్టరీ నుంచి మాకు ఇంకో పెద్ద ఆర్డరు రాబోతోంది. ముప్పై రోజుల గడువు మాకు సరిపోదని ఈసారి తెలిసింది. మళ్లీ మాట తప్పడం కంటే ముందే అడగడం మేలనుకుంటున్నాం. కొత్త సరుకుకు మూడో వంతు ఎత్తేటప్పుడే ఇస్తాం. మిగతాదానికి అరవై రోజుల గడువు ఇప్పించండి. అరవై దాటితే నెలకు నూటికి ఒకటిన్నర చొప్పున వడ్డీ కలుపుకోండి. ఇప్పుడు సొంత పెట్టుబడితో ఆ సరుకు ఎత్తే శక్తి మాకు లేదు. పద్నాలుగేళ్లుగా మీ చలువతోనే నిలబడ్డాం."

మా ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. రెండోసారి చదివాడు. "మంచిగ రాసినవ్" అన్నాడు. కొంచెం ఆగి, "ఫ్యాక్టరీ అని ఎందుకు, పార్టీ అని పెట్టు" అన్నాడు. పెట్టాను. "ఒక గంటలో వస్త" అని నాచారం చౌరస్తా వైపు వెళ్లాడు, ఒక వర్క్‌షాపుకు పది జతల గ్లౌజులు ఇవ్వడానికి.

ఆయన అటు వెళ్లగానే మెసేజ్ మళ్లీ చదువుకున్నాను. అంతా బాగుంది, కానీ ఎవరు నమ్ముతారు? మూడు వారాలు ఫోనెత్తని మనుషులు ఇప్పుడు బిల్లు ఆగిందంటే, కథలు చెబుతున్నారు అనుకోడా? ఆఫీసులో మా ఉత్తరాలు ఎప్పుడూ ఒట్టిగా పోయేవి కావు. కింద ఎడమ వైపున "జతపరచినవి" అని రాసి, ఆధారాలు వెనక పిన్ను కొట్టేవాళ్లం. ఆధారం లేని ఉత్తరం ఉత్తరమే కాదని నా తలకెక్కింది.

ఫైలు తీశాను. ఫ్యాక్టరీ ఆర్డరు కాగితం, స్టోర్స్ ముద్ర పడ్డ కొత్త బిల్లు. రెండిటికీ ఫొటోలు తీశాను. వాటి మీద ఏమున్నాయో నాకు తెలియదా? ఫ్యాక్టరీ పేరు, అడ్రసు, పర్చేజ్ ఆఫీసరు పేరు, ఫోను నంబరు, జతకు మేము వేసిన రేటు, అన్నీ ఉన్నాయి. తెలుసు. మా ఆయన ఒప్పుకోడని కూడా తెలుసు. ఈయన పిరికితనం వల్లే కదా ఇంతదాకా వచ్చిందనుకున్నాను. నిజం చెప్పేవాళ్లకు దాచుకునేదేముంటుంది అని నాకు నేనే ఓ గొప్ప మాట చెప్పుకున్నాను. మెసేజ్ పంపి, వెనకే రెండు ఫొటోలూ పంపాను.

తర్వాత ఇంకో పని చేశాను. ఆ ఫొటోలు రెంటినీ మా ఫోన్లోంచి తీసేశాను, "నాకు మాత్రమే డిలీట్" అని నొక్కి. ఆయనకు పోయినవి పోయాయి, మా ఆయనకు మాత్రం కనబడవు. తప్పు చేయలేదనుకున్నదాన్ని మరి ఆ ఫొటోలెందుకు దాచాను?

సాయంత్రం ఆరింటికి రాణిగంజ్ నుంచి ఫోను. ఈసారి మా ఆయన ఎత్తాడు. ఎత్తి, బయటికి వెళ్లి, మెట్ల దగ్గర నిలబడి మాట్లాడాడు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. ఎక్కువగా ఆయన వింటున్నాడు. "ఆ అన్నా... ఆ... సరేనన్నా" అంటున్నాడు.

లోపలికి వచ్చి, "ఒప్పుకున్నడు" అన్నాడు. "చెక్కు ఆపుతడంట. కొత్త సరుకుకు అరవై రోజులు గూడ సరే అన్నడు. వడ్డీ గిట్ల ఏం వద్దన్నడు. ఎవరు రాసిన్రని అడిగితే నువ్వేనని చెప్పిన."

నేను కుర్చీలోంచి లేచి గెంతినంత పని చేశాను. "చూసినవా? చూసినవా నా రాత తడాఖా? మూడు వారాలు నువ్వు భయపడి సచ్చినవ్. నేను పావుగంటల జేసిన!" ఆయన నవ్వలేదు. గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని కొంచెం మంచినీళ్లు తాగాడు. నా గెలుపు ఆయనకు నచ్చలేదేమో, మగాడి ఉడుకుమోత్తనం అనుకున్నాను. ఇంటికి వెళ్లే దారి పొడుగునా ఆయన వీపు వెనక కూర్చుని నేనే మాట్లాడాను.

చెప్పినట్టే సోమవారం డెబ్బై వేలు పంపాం. తర్వాతి నెల ఇరవై రెండున ఫ్యాక్టరీ డబ్బు పడింది. పడిన గంటలోనే మిగతా మొత్తం రాణిగంజ్‌కు వెళ్లిపోయింది. చెక్కు వాపసు వచ్చింది. ఒక్క మాట తప్పలేదు మేము. ఆ రోజుల్లో నా అంత మనిషి లేదు.

రానిదల్లా పెద్ద ఆర్డరు.

మా ఆయన వారానికొకసారి మల్లాపూర్ వెళ్లి వచ్చేవాడు. "ఆడిట్ జర ఎనకకు పోయిందంట" అనేవాడు. తర్వాత వారం, "ఆఫీసరు లీవుల ఉన్నడు" అనేవాడు. ఆ తర్వాత, "వచ్చే వారం ఇస్తరంట." దుకాణం కిరాయి ఒక నెల ఆగింది. పక్క వీధిలో చిన్న వర్క్‌షాపు ఒకటి మూతపడింది, ఆ పది జతలూ పోయాయి. నాకు మళ్లీ కోపం మొదలైంది. ఈ మనిషికి అడగడం రాదు. గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి వచ్చేస్తాడు.

ఒకరోజు ఆయన బ్యాంకుకు వెళ్లినప్పుడు దుకాణం షట్టరు సగం దించి, ఆటో ఎక్కి నేనే మల్లాపూర్ వెళ్లాను. కాటన్ చీర కట్టుకుని, బిల్లుల ఫైలు చంకలో పెట్టుకుని మరీ. గేటు దగ్గర పేరు రాయించుకుని, లోపల స్టోర్స్ వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

ఎదురుగా గోడవారన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. గ్లౌజులు, గంబూట్లు, హెల్మెట్లు. నడుమెత్తున మూడు వరసలు. ఒక్కో పెట్టె మీదా రాణిగంజ్ స్టిక్కరు తళతళా మెరుస్తోంది. పద్నాలుగేళ్లు నేను నా గోళ్లతో పీకిన స్టిక్కరు. దాన్ని గుర్తుపట్టడానికి నాకు చదవక్కర్లేదు. అమ్మో, అమ్మో అనుకుంటూ కూర్చుండిపోయాను.

పర్చేజ్ ఆఫీసరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, టీ చెప్పాడు. నేను టీ ముట్టుకోలేదు.

"మా ఆర్డరు ఏమైంది సార్?"

ఆయన కాసేపు పెన్ను తిప్పాడు. "మీవారు చెప్పలేదా అమ్మా? ఆయనకి అప్పుడే చెప్పానే. మాకు ఆడిట్ దగ్గర పడింది. మీ దగ్గర పెట్టుబడి లేదని తెలిసింది. సరుకు సగంలో ఆగిపోతే నా ఉద్యోగం పోతుంది."

"మా దగ్గర పెట్టుబడి లేదని ఎవరన్నారు సార్?" అన్నాను. నా గొంతు లేచింది. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

ఆయన ఫోను తీసి, వెతికి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. అన్నగారికి నమస్కారం అని మొదలైంది. "సొంత పెట్టుబడితో ఆ సరుకు ఎత్తే శక్తి మాకు లేదు" అన్న వాక్యం నా కళ్ల ముందుంది. కింద నేను తీసిన ఫొటోలు, ఫొటో అంచున నా బొటనవేలు కూడా పడింది.

"మీరే రాశారట కదా, చాలా బాగా రాశారమ్మా" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. "వచ్చినాయన మీ గురించి చెడుగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. పాపం వాళ్లు నిజాయితీపరులు సార్, కానీ చేతకాక ఇబ్బంది పడుతున్నారు, మీ పని ఆగకూడదని నేనే వచ్చాను అన్నాడు. మీ రేటు చూసి జతకు నాలుగు రూపాయలు తగ్గించి ఇచ్చాడు. నేను మాత్రం పైవాళ్లకి ఏం చెప్పగలను?"

చిన్న ఆర్డర్లు ఏమైనా ఉంటే పిలుస్తానన్నాడు. నేను దండం పెట్టి లేచాను. గేటు బయట ఆటోలు ఆగి అడుగుతున్నా ఎక్కలేదు. మల్లాపూర్ నుంచి నాచారం దాకా ఎండలో నడిచాను. లారీలు పక్కనుంచి పోతుంటే దుమ్ము కళ్లలో పడింది. రోడ్డు మీదే ఏడ్చాను. ఎవరు చూస్తే ఏంటి. నేను పంపకపోతే ఆయనకు ఈ గేటు ఎక్కడుందో తెలిసేదా? తాళం చెవి నేనే చేతికిచ్చి, దారి కూడా చూపించాను. పైగా నా అంత తెలివైనది లేదని ఎగిరాను.

మా ఆయన అప్పటికే దుకాణానికి వచ్చి ఉన్నాడు. సగం దించిన షట్టరు ఎత్తి, కౌంటరు వెనక నిలబడి, నా ముఖం చూడగానే, "మల్లాపూర్ పోయినవా?" అన్నాడు.

చెప్పేశాను. ఫొటోలు పంపిన సంగతి, వాటిని ఫోన్లోంచి తీసేసిన సంగతి, అన్నీ. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. "తిట్టు. కొట్టినా కొట్టు. మన నోటికాడి కూడు నేనే తీసి ఆయనకు పెట్టిన" అన్నాను.

ఆయన తిట్టలేదు. "నాకెర్కె" అన్నాడు.

"ఏం ఎరుక?"

"ఆనాడు పొద్దుమీకి ఫోన్ జేసిండు జూడు. అప్పుడే చెప్పిండు. మీ పార్టీ మస్తు పెద్దదే గద తమ్మీ, గిన్నేండ్లు నా కాడ దాచిపెట్టినవ్ అన్నడు. నీ రేటు గూడ మంచిగనే ఉన్నది అన్నడు. గప్పుడే సమజైంది నాకు."

ఆ సాయంత్రం ఈ గల్లా దగ్గరే నేను ఎగిరెగిరి పడ్డాను. ఆయన మంచినీళ్లు తాగుతూ వింటున్నాడు.

"మరి ఎందుకు చెప్పలే? రెండు నెల్లు ఎందుకు అబద్ధాలాడినవ్ నాతోని? లీవు, వాయిదా..."

"చెప్తే ఏమొస్తది? పోయింది పోయింది. నువ్వు గంత సంబురపడ్తున్నవ్." ఆయన కౌంటరు మీద ఉన్న గ్లౌజుల కట్టను ఇటు నుంచి అటు జరిపాడు. "ఇంకోటి గూడ ఉన్నది. నేను మూడు వారాలు ఫోన్ ఎత్తకుండ దాక్కోకపోతె నీకు రాసే పనే పడకపోయేది. నేను పోయి ఆయన ముంగట కూసోని జర టైం అడిగుంటే అయిపోతుండె. నిన్ను ఏ మొఖం పెట్టుకొని తిట్టాలె?"

ఏ తిట్టయినా భరించేదాన్ని. ఆ మాట భరించలేకపోయాను. స్టూలు మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు కానీ ఏం చేయాలో తెలియక అలాగే నిలబడి ఉన్నాడు.

రాణిగంజ్ వెళ్లి ఆయన కాలర్ పట్టుకుని అడుగుదామన్నాను. "ఏమని అడుగుతవ్? మనం పంపినం, ఆయన చదివిండు" అన్నాడు. ఇంకో హోల్‌సేల్ దగ్గరికి పోదామన్నాను. రెండు రోజులు ఆయన రాణిగంజ్ అంతా తిరిగి వచ్చాడు. కొత్త పార్టీకి అప్పు ఎవరూ ఇవ్వరు, మొత్తం ముందే కట్టమన్నారు. కట్టడానికి మా దగ్గరేముంది? చిన్న వర్క్‌షాపులు కూడా నెలా రెండు నెలలు ఆగి ఇచ్చేవే. వాటికి సరుకు వేయాలన్నా అప్పు కావాలి. మాకు ఈ హైదరాబాదులో అరవై రోజులు అప్పిచ్చే మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆ వారం ఆయన దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "చెల్లెమ్మా, నేను ఒప్పుకున్న గడువు అట్లనే ఉన్నది. ఆర్డర్ ఎప్పుడు పంపుతరు?"

ఫోను మా ఆయన నా చేతికిచ్చి, వెళ్లి షట్టరు దగ్గర రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. నాకు వచ్చిన తిట్లన్నీ ఒకసారి టైపు చేశాను. ఒక్కొక్కటే చెరిపేశాను. అద్దం బయట ఆయన వీపు కనబడుతోంది. చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది, నేను చూసుకోలేదు.

"అన్నగారికి నమస్కారం" అని రాశాను. కాటన్ గ్లౌజులు పన్నెండు డజన్లు, గంబూట్లు ఇరవై జతలు. మూడో వంతు ఎత్తేటప్పుడు, మిగతాది అరవై రోజులకు. మా మాట మన్నించి గడువు ఇచ్చినందుకు మీకు కృతజ్ఞులం అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి అరగంట పట్టింది. పంపిన నిమిషంలోనే ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

ఇప్పటికీ సరుకు ఆయన దగ్గరే తెస్తున్నాం. ప్రతి ఆర్డరూ నేనే రాస్తున్నాను. ప్రతిసారీ చివర కృతజ్ఞులం అని రాస్తున్నాను, రాయకపోతే గడువు తగ్గిస్తాడేమోనని భయం.